రోగి చెయ్యి పట్టుకున్న వేళ్లలో సొంత పల్స్: రాత్రి డ్యూటీ నర్సు కథకు కావలసిన వివరాలు

ప్రశ్న: గుంటూరులో ఒక పెద్దాసుపత్రి, రాత్రి డ్యూటీ నర్సు. రోగుల నాడి లెక్కపెడుతూ ఉండగా తన నాడే లయ తప్పుతోందని ఆమెకు తెలుస్తుంది. ఇదీ నా కథ. అసలు ఇలా జరుగుతుందా? ఆమెకు ఎలా తెలుస్తుంది, తెలిశాక ఏం చేస్తుంది? "గుండె లయ తప్పింది" అని రాసి అక్కడే ఆగిపోయాను. వార్డు పని తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు:

జరుగుతుంది. వేలి కొసల్లో కూడా సన్నటి ధమనులు ఉంటాయి. ఊరికే ఉన్నప్పుడు వాటి కొట్టుకోవడం మనకు తెలియదు, దేన్నైనా గట్టిగా నొక్కి పట్టుకున్నప్పుడు తెలుస్తుంది. బొటనవేలిలో ఇది మరీ ఎక్కువ. అందుకే పల్స్ చూసేటప్పుడు బొటనవేలు వాడొద్దని, చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలు కలిపి మణికట్టు మీద బొటనవేలి వైపున ఆనించాలని నర్సింగ్ మొదటి ఏడాదిలోనే నేర్పుతారు. ఆ మూడు వేళ్లతో చూసినా, రోగి పల్స్ నీరసంగా ఉంటే తెలియకుండానే నొక్కుడు పెంచుతాం. అలా పెంచినప్పుడు వేలికి తగిలేది రోగిదో మనదో ఒక్కోసారి తేల్చుకోలేం. గుండె ఆగిపోయిన మనిషి మెడ మీద వేళ్లు పెట్టి, తమ వేళ్లలోని పల్స్‌నే పట్టుకుని "ఉంది, ఉంది" అని పొరబడటం జరుగుతుంది. పల్స్ కోసం వెతకడానికి వైద్య సిబ్బంది 10 సెకన్లకు మించి తీసుకోకూడదనీ, మామూలు జనం అసలు పల్స్ చూడకుండానే ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలనీ సీపీఆర్ శిక్షణలో చెప్పేది ఇలాంటి పొరపాట్లు, ఆలస్యాలు జరగకూడదనే.

కాబట్టి మీ కథకు శరీరధర్మం అడ్డు రాదు. చిక్కు ఇంకోచోట ఉంది. వార్డులో నర్సు వేళ్లకు తగిలే లయ తప్పిన పల్స్ ఏదైనా సరే, ఆమె దాన్ని రోగి ఖాతాలోనే వేస్తుంది. గుండె జబ్బుల వార్డయితే చెప్పక్కర్లేదు, సగంమంది పల్స్ ఎగుడుదిగుడుగానే ఉంటుంది. "ఇది నాది" అని ఆమె అనుకోవాలంటే, లయ తప్పడానికి వీల్లేని రోగిని ఆమె చేతికి ఇవ్వాలి. మీకు నేనిచ్చే సలహాలన్నిటిలో ఇదే ముఖ్యం. ఆ రోగికి పేస్‌మేకర్ ఉన్నట్టు రాయండి.

పూర్తి హార్ట్ బ్లాక్ వచ్చిన ముసలాయన అనుకుందాం. గుండె పై గదుల నుంచి కింది గదులకు కరెంటు అందడం పూర్తిగా ఆగిపోయింది. మొన్న ఎడమ కాలర్ ఎముక కింద ఒకే తీగ ఉన్న పేస్‌మేకర్ పెట్టారు, నిమిషానికి 60 అని అమర్చారు. సొంతంగా కింది గదులు కొట్టుకునే వేగం అంతకంటే తక్కువ గనక, ప్రతి కొట్టూ యంత్రం పుట్టించేదే. అంటే సరిగ్గా సెకనుకొకటి. చేతి గడియారంలో సెకన్ల ముల్లు ఎలా కదులుతుందో ఆయన పల్స్ కూడా అలాగే, ఒకే ఎడంతో నడుస్తుంది. ఇంత నిలకడైన పల్స్ మామూలు మనిషికి ఉండదు, ఎందుకంటే ఊపిరి పీల్చినప్పుడు కాస్త వేగం, వదిలినప్పుడు కాస్త నెమ్మది అందరికీ ఉంటాయి. రెండు తీగల పేస్‌మేకర్ అని మాత్రం రాయకండి. అది రోగి పై గదుల వేగాన్ని బట్టి నడుస్తుంది కాబట్టి ఇంత కచ్చితమైన 60 రాదు.

ఇక సమయం. రాత్రి డ్యూటీ 8 నుంచి ఉదయం 8 దాకా. నాలుగు గంటలకోసారి చూడమని రాసిన రోగులకు, జ్వరం, పల్స్, ఊపిరి రాసే టీపీఆర్ చార్టులో 10, 2, 6 గంటల గళ్లు నింపాలి. మీకు 2 గంటల రౌండు మంచిది. 10 గంటలకు అటెండర్ల హడావిడి ఉంటుంది, అప్పుడే మందులు కూడా ఇస్తుంటారు. 6 గంటలకు రక్తపు శాంపిళ్లు తీయాలి, పొద్దున డ్యూటీవాళ్లకు ఓవర్ ఇవ్వడానికి రాతపని పూర్తి చేయాలి. ఒక చేతిని నిమిషంపాటు కదలకుండా పట్టుకునే తీరిక దొరికేది 2 గంటలకే.

ఆ పూర్తి నిమిషం కూడా కథలో కారణంతో రావాలి. పని ఒత్తిడిలో చాలామంది 15 సెకన్లు లెక్కించి నాలుగుతో హెచ్చిస్తారు. పల్స్ సమంగా ఉన్నంతవరకు అది పెద్ద తప్పు కాదు, 30 సెకన్లు చూసి రెండుతో హెచ్చించినా సరిపోతుంది. లయ తప్పిన పల్స్‌ను మాత్రం నిమిషం నిండా చూడాల్సిందే. 15 సెకన్లలో ఒక్క కొట్టు తేడా వస్తే చార్టులో నాలుగు తేడా పడుతుంది. మీ నర్సు మొదట 15 సెకన్లే చూడబోయింది అనుకోండి. 15 రావాల్సిన చోట 20 వచ్చింది. ఆమె మానిటర్ వైపు చూస్తుంది. తెరమీద 60, పేసింగ్ గీతలు వరసగా సమంగా వెళుతున్నాయి. అప్పుడు పూర్తి నిమిషం కోసం మళ్లీ మొదలుపెడుతుంది. ఈసారి 87 వస్తుంది. రోగివి 60, వాటి మధ్య ఆమె వేళ్లలోంచి దూరినవి కొన్ని. ఈ 87 అసలు ఎవరి పల్సూ కాదు. పని తెలిసిన నర్సును కలవరపెట్టేది ఈ అంకే. తన గుండె సంగతి ఆమెకు ఇంకా తట్టలేదు. "యంత్రం సరిగా పట్టడం లేదా? తీగ కదిలిందా?" అనేది ఆమె మొదటి భయం. కొత్తగా పెట్టిన పేస్‌మేకర్ తీగ మొదటి రోజుల్లో జరిగే ప్రమాదం నిజంగానే ఉంది. కాబట్టి ఆ భయం కల్పితంగా అనిపించదు.

ఇప్పుడు మీ కథకు ఇరుసు లాంటి క్షణం. దీన్ని తొందరపడకుండా రాయండి. రోగి మణికట్టు మీద నొక్కుడు పెంచుకుంటూ పోతే ఆయన ధమని ఎముకకు ఆనుకుని మూసుకుపోతుంది. రోగి పల్స్ వేళ్లకు అందడం ఆగిపోతుంది. నర్సు సొంత పల్స్ దీనికి సరిగ్గా తిరగబడి ఉంటుంది. నొక్కే కొద్దీ ఇంకా బాగా తెలుస్తుంది. వేళ్లు వదులు చేస్తే సొంతది మాయమై రోగిది తిరిగి వస్తుంది. వేలికి తగిలేది ఎవరిదో తేల్చడానికి ఇంతకంటే తేలికైన పద్ధతి లేదు, పనిముట్లేవీ అక్కర్లేదు.

మీ నర్సు నొక్కుతుంది. సెకనుకొకటి కొట్టుకునేది ఆగిపోతుంది. ఏదీ తగలకూడదు. కానీ వేళ్ల కింద ఇంకా ఏదో కొట్టుకుంటోంది. రెండు వెంటవెంటనే, ఒక ఎడం, ఒకటి పెద్దది, మూడు చిన్నవి గబగబా, మళ్లీ ఎడం. అంతసేపు నొక్కి ఉంచదు, రోగికి నొప్పి. ఆయన కళ్లు తెరిచి "ఏందమ్మా, అంత గట్టిగా పట్టుకున్నావు?" అంటాడు. "ఏం లేదు బాబాయ్, పడుకోండి" అని ఆమె వేళ్లు వదులు చేస్తుంది. అప్పుడు తన ఎడమచేతి వేళ్లను సొంత మెడ మీద, గొంతు ముడికి ఒక పక్కగా ఆనించి, కుడిచేత్తో రోగి మణికట్టును ఇంకోసారి ఒక్క నాలుగైదు సెకన్లు గట్టిగా పట్టి చూస్తుంది. మెడలో కొట్టుకున్నప్పుడల్లా కుడిచేతి వేళ్లలోనూ కొట్టుకుంటుంది. తేలిపోయింది. మెడకు రెండు పక్కలా ఒకేసారి నొక్కినట్టు రాయకండి, ఏ నర్సూ ఆ పని చేయదు. చేతికి గ్లౌజులు తొడిగినట్టు కూడా రాయకండి, స్పర్శ బాగా తగ్గిపోతుంది.

"అంత తేడా ఉంటే ఆమెకు గుండెదడ ముందే తెలియదా?" అని పాఠకులు అడగొచ్చు. తెలియకపోవచ్చు. ఇలా గుండె లయ తప్పే జబ్బు ఉన్నవాళ్లలో చాలామందికి దడ అనేదే అనిపించదు. అలసట, మెట్లెక్కితే ఆయాసం, అంతే. రాత్రి డ్యూటీలు చేసే మనిషి ఆ రెండింటినీ నిద్ర లేకపోవడం మీదకు నెట్టేస్తుంది.

ఏ జబ్బు అనేది మీరు ముందే తేల్చుకోవాలి, ఎందుకంటే లయ తప్పడం ఒకే రకం కాదు, వేలికి ఒక్కోటి ఒక్కోలా తగులుతుంది. అందరిలోనూ ఎక్కువగా కనిపించేది ఎక్టోపిక్స్. సమంగా నడుస్తున్న పల్స్‌లో ఒక కొట్టు ముందుగా వచ్చేస్తుంది. అప్పటికి గుండె సరిగా నిండలేదు కాబట్టి ఆ కొట్టు మణికట్టు దాకా చేరదు, అక్కడ ఖాళీ ఉన్నట్టు ఉంటుంది. ఆ ఎడంలో గుండె మామూలు కంటే ఎక్కువ నిండి తర్వాతి కొట్టు బలంగా వస్తుంది. మనుషులు "గుండె ఒకసారి ఆగి దబ్బున కొట్టుకుంది" అని చెప్పేది దీని గురించే. మిగతాదంతా సమంగానే ఉంటుంది. గుండె నిర్మాణం బాగున్నవాళ్లలో అప్పుడప్పుడు వచ్చే ఎక్టోపిక్స్ ప్రమాదం కాదు. మీ కథ భయంతో మొదలై ఊరటతో ముగియాలంటే ఇది తీసుకోండి.

నేను పైన రాసినట్టు ఏ వరసా లేకుండా, ఏ రెండు ఎడాలూ ఒకేలా లేకుండా, ఒక్కో కొట్టు ఒక్కో బలంతో ఉంటే అది ఏట్రియల్ ఫిబ్రిలేషన్. వార్డులో అందరూ ఏఎఫ్ అంటారు. గుండె పై గదులు ముడుచుకోవడం మానేసి వణుకుతుంటాయి, ఆ వణుకుల్లో కొన్ని మాత్రమే ఇష్టం వచ్చినట్టు కిందికి దిగుతాయి. మీ కథకు ఇదే ఎక్కువ బరువిస్తుందని నా అభిప్రాయం. ఎందుకంటే దీన్ని నర్సు తనంతట తనే, రాత్రిపూట, చేతిలో ఉన్న వాటితోనే దాదాపు నిర్ధారించగలదు. ఆ నిర్ధారణ కథలో బాగా నిలబడుతుంది.

అయితే దానికంటే ముందు ఆమె ముసలాయన పల్స్ రాయాలి. నాకు చదవడానికి వచ్చిన ఆసుపత్రి కథల్లో ఎక్కువ దెబ్బతినేది ఈ చోటే. తన గుండె గురించి తెలియగానే నర్సు చార్టు వదిలేసి బయటకు పరుగెత్తుతుంది. నిజంగా నర్సు అలా చేయదు. 87 అని రాయకూడదు, మానిటర్ చూసి 60 అని రాయడమూ సరికాదు, ఎందుకంటే తెరమీద అంకె గుండె కరెంటుది, చేతిలో పల్స్ రక్తం నిజంగా చేరుతోందనడానికి గుర్తు. పేస్‌మేకర్ రోగిలో ఆ రెండూ చూడటం ముఖ్యం. కరెంటు గీత వచ్చి కొట్టు రాకపోతే యంత్రం పట్టడం లేదని అర్థం. కాబట్టి ఆమె వేళ్లను తేలిగ్గా ఆనించి, లేదా స్టెత్ ఆయన ఛాతీ మీద పెట్టి, ఇంకో నిమిషం చూసి 60 అని రాస్తుంది. తన చేతుల్లో అది మొదలైన తర్వాత కూడా ఆ నిమిషం నిండా ఆయన కోసమే లెక్కపెట్టడం, ఆ నర్సు ఎలాంటిదో మీరు వేరే చెప్పనక్కర్లేకుండా చెబుతుంది.

తర్వాత నర్సుల టేబులు దగ్గర కూర్చుని తనను తాను చూసుకుంటుంది. మొదట చేతికి దొరికేది పల్స్ ఆక్సిమీటర్. వేలికి తగిలిస్తే ఆక్సిజన్ 97 చూపిస్తుంది, పల్స్ అంకె మాత్రం 88, 113, 96, 104 అని నిలవకుండా మారుతుంది. ఆ యంత్రం కొన్ని సెకన్ల సగటు చూపిస్తుంది గనక లయ గురించి అది సాక్ష్యం కాదు, చెయ్యి కదిలినా అలాగే గెంతుతుంది. తెరమీద అలలు ఒకటి ఎత్తు ఒకటి పొట్టి ఉండటం కొంచెం ఎక్కువ చెబుతుంది. బీపీ యంత్రం కట్టుకుంటే ఒకసారి ఒక అంకె, రెండోసారి ఇంకో అంకె. ఏఎఫ్‌లో ఒక్కో కొట్టు ఒక్కో బలంతో ఉంటుంది కాబట్టి ఆటోమేటిక్ యంత్రాలు తడబడతాయి. చేత్తో రెండు మూడుసార్లు చూసి సగటు తీసుకోవాలి.

అసలైన పరీక్ష ఇంకోటి ఉంది. స్టెత్ చెవులకు పెట్టుకుని, దాని బిళ్లను ఎడమ రొమ్ము కింద గుండె కొస తెలిసే చోట ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేతి వేళ్లను అదే ఎడమచేతి మణికట్టు మీద ఆనించాలి. చెవికి వినిపించే ప్రతి కొట్టుకూ మణికట్టు దగ్గర ఒకటి తగలాలి. ఏఎఫ్‌లో తగలదు. వేగంగా వచ్చిన కొట్లకు గుండె నిండే వ్యవధి ఉండదు, శబ్దం వస్తుంది గానీ రక్తం మణికట్టు దాకా రాదు. ఈ తేడాను పల్స్ డెఫిసిట్ అంటారు. ఒక్కతే రెండు లెక్కలూ ఒకేసారి పెట్టుకోలేదు. మణికట్టుకు రాని కొట్లను మాత్రం లెక్కించగలదు. సరిగ్గా చేయాలంటే ఇద్దరు కావాలి. ఒకరు స్టెత్‌తో, ఒకరు మణికట్టు దగ్గర, ఒకే గడియారం చూస్తూ, ఒకరు "స్టార్ట్" అంటే మొదలుపెట్టి పూర్తి నిమిషం చూడాలి. తేడా పది దాటితే ఏఎఫ్ అనే అనుమానం గట్టిపడుతుంది.

అందుకే తోటి సిస్టర్‌కు చెప్పడం తప్పదు. మీ కథలో మాటలు నడవాల్సిన చోటు ఇదే. వయసులో చిన్న నర్సు పేరు కరుణ, మీ నర్సు పేరు సుజాత అనుకుందాం.

"కరుణా, ఇట్రా. ఈ స్టెత్ పెట్టుకో. నా గుండె విను."

"ఏమైందక్కా? పొద్దుట్నించీ ఏం తినలేదు నువ్వు."

"తిన్నాలే. ముందు లెక్కపెట్టు. పూర్తి నిమిషం. నేను మణికట్టు చూసుకుంటా."

కరుణ 124 అంటుంది. సుజాత 98 అంటుంది. ఇద్దరూ రోజూ రోగులకు చేసే పనే ఇది. 26 తేడా అంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు, ఒకరు ఒకరికి వివరించినట్టు రాస్తే పాఠకుడి కోసం మాట్లాడుతున్నట్టు ఉంటుంది. కరుణ ఫోన్ అందుకుని డ్యూటీలో ఉన్న పీజీ డాక్టర్‌కు ఫోన్ చేయడం చాలు. సుజాత "పొద్దున ఓవర్ ఇచ్చాక చూపించుకుంటాలే" అనడం కూడా సహజమే, ఎక్కువమంది అలాగే అంటారు. కరుణ ఒప్పుకోకూడదు. ఛాతీలో నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, పడుకుంటే ఊపిరాడకపోవడం, పై బీపీ 90 కంటే తగ్గడం, మూతి వంకర పోవడం, మాట తడబడటం, ఒక పక్క చెయ్యో కాలో పట్టు తప్పడం, వీటిలో ఏది ఉన్నా ఒక్క నిమిషం కూడా ఆగే పని కాదు. ఏవీ లేవనే అనుకున్నా, ఐదు నిమిషాల్లో అయ్యే ఈసీజీని వార్డులోనే యంత్రం ఉండగా తెల్లారే దాకా వాయిదా వేయడానికి కారణం లేదు. డాక్టర్ చూసి వెళ్లేదాకా ఇంజెక్షన్లు కలపడం, పంపుల వేగం మార్చడం కరుణ చేతుల్లోకి వెళ్లాలి.

ఈసీజీ తీసే పద్ధతి మీరు చూసే ఉంటారు. తెర అడ్డం లాగి, జెల్ రాసి, చేతులకూ కాళ్లకూ నాలుగు క్లిప్పులు, ఛాతీ మీద ఆరు రబ్బరు బుడ్లు పెడతారు. వణుకు, చలి ఉంటే గీత ముళ్లముళ్లుగా వచ్చి ఏఎఫ్ వణుకులా మోసం చేస్తుంది కాబట్టి కరుణ "అక్కా, చేతులు వదులు చెయ్" అనాలి. కాగితం సెకనుకు 25 మిల్లీమీటర్ల వేగంతో నడుస్తుంది. సమంగా ఉన్న గుండెకు రెండు కొట్ల మధ్య పెద్ద గళ్లెన్నో చూసి 300ను దానితో భాగిస్తే వేగం వస్తుంది. ఇక్కడ ఆ లెక్క పనికిరాదు, ఎందుకంటే ఎడాలు సమంగా లేవు. పది సెకన్ల పట్టీలో నిలువు ముళ్లన్నీ లెక్కించి ఆరుతో హెచ్చించాలి. 21 ఉన్నాయి, అంటే 126. ఒక్కో ముల్లు ముందూ ఉండాల్సిన చిన్న గుట్ట, పై గదుల గుర్తు, ఎక్కడా లేదు. దాని బదులు గీత సన్నగా వణుకుతోంది. రోజూ ఇలాంటి కాగితాలు కేస్ షీట్లకు అంటించే మనిషి, తన పేరు రాసి ఉన్న కాగితాన్ని డాక్టర్ కంటే ముందే చదివేస్తుంది.

డాక్టర్ వచ్చి మొట్టమొదట అడిగే ప్రశ్న "ఎప్పట్నించి ఉంది సిస్టర్?" అని. ఇది మామూలు పలకరింపు కాదు, వైద్యం మొత్తం దీని మీదే ఆధారపడుతుంది. పై గదులు వణుకుతూ ఉంటే రక్తం కదలకుండా నిలిచి, ముఖ్యంగా ఎడమ పై గది మూలలో ఉండే చిన్న సంచిలో గడ్డకడుతుంది. గడ్డ ఉందో లేదో తెలియకుండా షాక్ ఇచ్చి గుండెను మామూలు లయకు తెస్తే, ముడుచుకోవడం మొదలుపెట్టిన గది ఆ గడ్డను మెదడుకు నెట్టేయవచ్చు. అందుకని మొదలై 48 గంటలు దాటినా, ఎప్పుడు మొదలైందో తెలియకపోయినా, కనీసం మూడు వారాలు రక్తం పలచబడే మందు వాడి గానీ, గొంతులోంచి చేసే ఎకో అనే గుండె స్కాన్‌తో గడ్డ లేదని చూసి గానీ షాక్ ఇవ్వరు. చాలా కాలంగా ఉన్న ఆ 48ని యూరప్ గుండె వైద్యుల సంఘం 2024లో 24 గంటలకు తగ్గించింది. ప్రాణం మీదకు వస్తే ఆ లెక్కలు పక్కన పెడతారు, అది వేరే కథ. సుజాతకు మాత్రం ఎప్పట్నించో తెలియదు. ఇవాళ వేళ్లకు తగిలింది, అంతే. నిన్న మొదలైందా, ఉగాది నుంచీ ఉందా? ఇన్ని వందల చేతులు పట్టుకున్న మనిషి తన చెయ్యి ఎప్పుడూ పట్టుకుని చూడలేదు. కథలో ఆమె మౌనంగా ఉండిపోవాల్సిన చోటు ఏదైనా ఉంటే అది ఈ ప్రశ్న దగ్గరే. కాబట్టి డాక్టర్ వెంటనే షాక్ పెట్టెలు తెప్పించినట్టు రాయకండి.

కారణం కూడా కావాలి. ఆమెకు 42 ఏళ్లనుకుంటే, టీ ఎక్కువ తాగిందనో నిద్ర లేదనో సరిపెడితే తేలిపోతుంది. మామూలు మోతాదులో టీ తాగితే ఏఎఫ్ రాదు. ఆ వయసు ఆడవాళ్లలో మన దగ్గర మొదట ఆలోచించేది రెండు. ఒకటి థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం, రెండోది చిన్నప్పటి కీళ్లజ్వరం వల్ల మిట్రల్ కవాటం ఇరుకైపోవడం. రెండోది మీ కథకు గతాన్ని కూడా ఇస్తుంది. పదేళ్ల వయసులో గొంతునొప్పి, తర్వాత ఒక మోకాలు వాచి తగ్గితే ఇంకో కీలు వాచడం, ఊళ్లో ఎవరో "వాతం" అనడం, గుంటూరు తీసుకొస్తే 21 రోజులకోసారి పెన్సిలిన్ సూది రాయడం. ఆ సూది నొప్పి పిల్లలకు బాగా గుర్తుంటుంది. హాస్టల్‌కు వెళ్లాక కొన్ని తప్పాయి, పెళ్లయ్యాక పూర్తిగా మానేసింది. రెండో కాన్పులో ఏడో నెల నుంచి ఆయాసం వస్తే రక్తం తక్కువన్నారు, ఐరన్ ఇచ్చారు. కడుపుతో ఉన్నప్పుడు శరీరంలో రక్తం పెరుగుతుంది, ఇరుకు కవాటం దాన్ని దాటించలేదు, అందుకే ఈ జబ్బు చాలామందిలో మొదట బయటపడేది కాన్పు సమయంలోనే. ఇలాంటి చిన్న సంగతులు కథ మొదట్లో వేరే పనిమీద వచ్చినట్టు చల్లి ఉంచండి. డాక్టర్ ఆమెను ఎడమ పక్కకు తిరిగి పడుకోమని, స్టెత్ చిన్న గిన్నె వైపు గుండె కొస మీద తేలిగ్గా ఆనించి వింటూ ఉన్నప్పుడు అవన్నీ కలుస్తాయి. అక్కడ వినిపించేది లోతైన, గరగరమనే మంద్రమైన శబ్దం. గట్టిగా నొక్కితే వినపడదు.

ఆ రాత్రి వైద్యం నాటకీయంగా ఉండదు. బీపీ బాగుంది కాబట్టి వేగం తగ్గించడానికి మెటోప్రొలాల్ లాంటి మందు, రక్తపరీక్షల్లో పొటాషియం, థైరాయిడ్, హిమోగ్లోబిన్, పొద్దున ఎకో. ఇరుకు కవాటానికి వేగం తగ్గించడమే సగం ఊరట, ఎందుకంటే రెండు కొట్ల మధ్య వ్యవధి పెరిగితే రక్తం ఆ సన్న దారిలోంచి దిగడానికి సమయం దొరుకుతుంది. ఎకోలో కవాటం విస్తీర్ణం 1.3 చదరపు సెంటీమీటర్లు అని రాయండి. మామూలుగా 4 నుంచి 6 దాకా ఉంటుంది, 1.5 గానీ అంతకు తక్కువ గానీ ఉంటే తీవ్రమైనదిగా లెక్క. కవాటం రెక్కలు మెత్తగా ఉండి, పై గదిలో గడ్డ లేకపోతే, తొడ దగ్గర రక్తనాళంలోంచి బెలూన్ పంపి దాన్ని వెడల్పు చేస్తారు. ఛాతీ కోయనక్కర్లేదు.

మందుల విషయంలో కథకులు తడబడే చోటు ఒకటుంది. రక్తం పలచబడటానికి కొత్త మాత్రలు వచ్చాయి, మామూలు ఏఎఫ్‌లో వాటినే ఎక్కువ రాస్తున్నారు. కీళ్లజ్వరం వల్ల కవాటం ఇరుకైనవాళ్లకు మాత్రం పాత వార్ఫరిన్ తరహా మందే. 2022లో వచ్చిన ఇన్విక్టస్ అనే పెద్ద అధ్యయనంలో, కీళ్లజ్వరం గుండెజబ్బుతో ఏఎఫ్ ఉన్నవాళ్లకు కొత్త మాత్ర రివరాక్సబాన్ కంటే పాత మందు వాడినవాళ్లలోనే మరణాలు తక్కువగా ఉన్నాయి. అందువల్ల రక్తం ఎంత పలచబడిందో చూసే ఐఎన్ఆర్ అనే రక్తపరీక్ష సుజాతకు తప్పదు. అది 2కూ 3కూ మధ్య నిలిచేదాకా రెండు మూడు రోజులకోసారి, తర్వాత నెలకోసారి. మందు పని మొదలై నిలదొక్కుకోవడానికి కనీసం ఐదు రోజులు పడుతుంది, అప్పటిదాకా రక్తం పలచబడే హెపారిన్ సూదులు ఇస్తారు. ఆకుకూరలు మానేయమని కాదు, ఒక వారం తోటకూర, పాలకూర రోజూ తిని ఇంకో వారం అసలు ముట్టకపోతే ఐఎన్ఆర్ ఊగుతుంది, వారం వారం ఒకే తీరుగా తినమని. ఒళ్లునొప్పులకు డైక్లోఫెనాక్ వేసుకునే అలవాటు, అది డ్యూటీ నర్సుల్లో చాలామందికి ఉంటుంది, ఆ రోజుతో ఆపేయాలి. మాత్ర రోజూ ఒకే వేళకు పడాలి. రాత్రి డ్యూటీలు వారాల వంతున మారే మనిషికి అన్నిటికంటే కష్టమైనది ఇదే, కాబట్టి వార్డుల్లో అలవాటుగా ఎంచుకునే సాయంత్రం ఆరు గంటలే ఆమెకూ సరిపోతుంది. డ్యూటీ ఉన్నా లేకపోయినా ఆ వేళకు ఆమె మేలుకునే ఉంటుంది.